మిరుగుకు ముందే రెండు సూదులు: ఊళ్లో ఉన్న నాయినకు ఏమని రాయాలి?

ప్రశ్న: అన్నా, నేను డల్లాస్‌లో పనిచేస్తున్నాను. అమ్మా నాయినా దేవరకొండ దగ్గర మా ఊళ్లోనే ఉంటారు. నాయినకు 67 ఏళ్లు, పన్నెండేళ్లుగా షుగర్ ఉంది, బీడీ ఇంకా మానలేదు. అమ్మకు 61, ముసురు పట్టినా చలి పెరిగినా దమ్ము వస్తుంది. ఫ్లూ సూది, న్యుమోనియా సూది వేయించుకోండని ఫోన్లో ఎన్నిసార్లు చెప్పానో. "కరోనాకు మూడు వేసుకున్నం, ఇంకెన్ని పొడిపించుకోవాలె, సర్దికి కూడా సూదేనా" అని నాయిన ఫోన్ అమ్మ చేతికిచ్చేస్తాడు. ఈసారి ఉత్తరం రాద్దామనుకుంటున్నాను. ఏం రాస్తే ఒప్పుకుంటారు? ఇక్కడ మాకు అక్టోబర్‌లో వేస్తారు, అక్కడ ఎప్పుడు వేయించాలి?

జవాబు:

తమ్మీ, రాయి. ఫోన్లో అయితే "సరేలే" అని పెట్టేస్తే అయిపోతుంది, కాగితం అట్లా వదలదు. ఎవరో ఒకరు చదివి వినిపించాలి, మధ్యలో ఆపి "ఏమన్నడు, మళ్లా చదువు" అంటారు, నాయిన విననట్టు చేసినా అమ్మ దాన్ని మడిచి దేవుని పటం వెనకాల పెట్టుకుంటుంది, సాయంత్రం వచ్చిన చుట్టానికి మళ్లీ చదివిస్తుంది. అదే నీకు కావాల్సింది.

ఏం రాయాలో చెప్పే ముందు మా నాయిన సంగతి చెప్తాను. నేను ఇప్పుడు నల్లగొండలో ఛాతీ డాక్టర్‌ని గానీ 2017లో ఇంగ్లండ్‌లో ఒక ఆసుపత్రిలో పనిచేసేవాణ్ని. ఏటా చలికాలం ముందు స్టాఫ్ అందరికీ ఫ్లూ సూది వేసేవాళ్లు, నేనూ చొక్కా చెయ్యి పైకి మడిచి వేయించుకుని మళ్లీ పనిలో పడేవాణ్ని. కల్వకుర్తి దగ్గర ఊళ్లో మా నాయిన, 66 ఏళ్ల షుగర్ మనిషి, పాతికేళ్లు బీడీ తాగి మానేసినవాడు, ఆయనకు కూడా అదే సూది వేయించాలన్న ఆలోచన నాకు ఒక్క ఏడు కూడా రాలేదు. వేయించుకోమంటే ఆయన వద్దనలేదు. అసలు నేను అడగనే లేదు.

ఆ ఆగస్టులో రాఖీ పండక్కి హాస్టల్ నుంచి మా చెల్లె కొడుకు వచ్చాడు, దగ్గుతూ తుమ్ముతూ. తాత పక్కనే పడుకున్నాడు. మూడో నాడు నాయిన పత్తి చేన్లో గుంటుక తోలుతూ సగం సాలులో ఆపేసి గట్టు మీద కూర్చున్నాడట, "చలి పెడుతుంది" అని. ఫ్లూ అట్లాగే వస్తుంది. మామూలు సర్ది రెండు రోజులు ముక్కులో నలుగుతూ వస్తే, ఫ్లూ వచ్చిన మనిషి ఫలానా పూట పడ్డానని వేళ కూడా చెప్పగలడు. ఊళ్లో సూదులు వేసే ఆయన వచ్చి నొప్పికి ఒకటి, "పవర్"ది ఒకటి పొడిచాడు. ఆ పవర్‌ది స్టెరాయిడ్ అని నాకు తర్వాత చీటీ చూస్తే తెలిసింది. దానితో జ్వరం దిగుతుంది, ఆకలేస్తుంది, మనిషి లేచి కూర్చుంటాడు, అటు షుగర్ మాత్రం ఎగబాకుతుంది. ఐదో నాడు నాయిన జొన్నరొట్టె తిని నాతో ఫోన్లో మాట్లాడాడు, "తక్కువైంది, నువ్వేం పరేషాన్ గాకు" అన్నాడు. నేను కాలేదు.

ఏడో నాటి సాయంత్రం మళ్లీ జ్వరం వచ్చింది, ఈసారి పళ్లు కొట్టుకునేంత వణుకుతో. కుడి పక్క డొక్కలో శ్వాస తీస్తే గుచ్చినట్టు పోటు. దగ్గితే తుప్పు రంగు తెమడ. అమ్మ అది పాత జ్వరమే తిరగబెట్టిందనుకుంది, ఆ సూదులే ఇంకో రెండు రోజులు వేయించింది. తొమ్మిదో నాడు రాత్రి ఆయన లేచి "బాయి కాడ మోటర్ బంద్ చేసినవా" అని అడిగాడట. ఆ బావి ఎండిపోయి పదేళ్లు, మోటర్ ఎప్పుడో అమ్మేశాం. అప్పుడు భయపడి మహబూబ్‌నగర్‌కు తీసుకుపోయారు. అక్కడ చూస్తే ఆక్సిజన్ 84, నిమిషానికి 34 శ్వాసలు, షుగర్ 410, ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగమంతా తెల్లగా ఉంది. పదకొండు రోజులు ఆసుపత్రి, అందులో నాలుగు ఐసీయూ.

బతికాడు. ఆ మాట చెప్పినప్పుడు అందరూ హమ్మయ్య అంటారు, కథ అక్కడితో అయిపోయిందనుకుంటారు. కానీ యూరియా బస్తా భుజానేసుకుని పోయే మనిషి సంక్రాంతి నాటికి కూడా బస్టాండ్ దాకా ఒక్క దమ్మున నడవలేకపోయాడు, మధ్యలో రెండు చోట్ల కూర్చునేవాడు. ఆ ఉగాదికి ఎడ్లను అమ్మేశాం. చేను కౌలుకిచ్చాం. ఎడ్లను తోలుకుపోతుంటే ఆయన ఇంట్లోంచి బయటికి రాలేదు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మీ నాయినకు చావు గురించి రాయకు. అరవై ఏడేళ్ల రైతుకు చావు భయం చూపిస్తే "పోతే పోత" అంటాడు, అది ఆయనకు ధైర్యంలాగా కూడా ఉంటుంది. ఆరు నెలలు ఒకరి మీద ఆధారపడి మంచం పట్టడం అంటే మాత్రం ఆలోచిస్తాడు. ఇంకో మాట, "సూది వేసుకుంటే జ్వరమే రాదు" అని రాయొద్దు, అది అబద్ధం, వచ్చే వానాకాలం మొదటి తుమ్ముకే నీ ఉత్తరం మొత్తం అబద్ధమైపోతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీని కూడా తిట్టకు. అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది ఆయనే, నువ్వు తిడితే నాయిన ఆయన పక్షాన నిలబడతాడు.

నేనైతే ఇట్లా రాస్తాను. నచ్చినంత ఉంచుకో, మీ ఇంటి పేర్లు, మీ ఇంటి మాటలు కలుపుకో.

*

నాయినకు, అమ్మకు,

సర్దికి సూదా అని అడిగావు నాయినా. సర్దికి కాదు. ముక్కు కారి మూడు రోజుల్లో పోయేదానికి ఏ సూదీ అక్కర్లేదు. ఇది ఫ్లూకు. ఉన్నట్టుండి ఒళ్లంతా కొట్టినట్టయి, కళ్లు మండి, మంచం మీదికి పడేసే జరం ఉంది చూడు, దానికి. అది కరోనా పురుగు కాదు, వేరే పురుగు. కరోనాకు వేసుకున్న మూడూ దీని మీద పనిచేయవు, పురుగు మందు కొడితే గడ్డి చావనట్టు.

ఫ్లూ ఒక్కటే వచ్చి పోతే నేను ఇంత రాసేవాణ్ని కాదు. మన గొంతు నుంచి ఊపిరితిత్తుల దాకా పోయే గొట్టం లోపల కంటికి కనపడని సన్న నూగు ఉంటుంది. అది రాత్రింబగళ్లు ఊడుస్తూనే ఉంటుంది, లోపల పడ్డ దుమ్మును, తెమడను పైకి తోస్తూ ఉంటుంది. ఫ్లూ వస్తే ఆ నూగును, దాని కింద పొరను తినేస్తుంది. మళ్లీ మొలవడానికి వారాలు పడుతుంది. బీడీ పొగకు ఆ నూగు ముందే సగం చచ్చి ఉంటుంది, నేను బీడీ మాట ఇంతకంటే ఎక్కువ ఎత్తను, నీకు కోపమొస్తుంది.

ఇక రెండో పురుగు. దాని పేరు న్యుమోకాకస్. అది ఎక్కడి నుంచో రాదు, చిన్న పిల్లల ముక్కుల్లో మామూలుగానే ఉంటుంది, వాళ్లకు ఏమీ చేయకుండా. మనవడు ముద్దు పెట్టుకున్నప్పుడు, పక్కన పడుకుని దగ్గినప్పుడు మీ ముక్కులోకీ వస్తుంది. కంచె గట్టిగా ఉన్నన్ని రోజులు బయటే తిరుగుతుంది. ఫ్లూ వచ్చి కంచె కూలిందనుకో, పల్లి చేన్లోకి మేకలు పడ్డట్టు నేరుగా లోపలికి పోతుంది. అందుకే ఫ్లూ జరం తగ్గింది అనుకున్నాక, ఆరో నాడో ఎనిమిదో నాడో మళ్లీ వణుకుతో జరం వస్తుంది. అదే న్యుమోనియా. వందేళ్ల కింద, 1918లో లోకమంతా ఫ్లూ వచ్చినప్పుడు చచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇట్లా వెనక వచ్చిన న్యుమోనియాతోనే పోయారని అప్పటి ఊపిరితిత్తుల ముక్కలు మళ్లీ పరీక్ష చేసి చెప్పారు. ఒక సూది కంచె కూలకుండా, రెండోది కూలినా మేకలు పడకుండా. రెండూ అడిగేది అందుకే.

నాయినా, నీకు షుగర్ ఉంది. షుగర్ ఉన్న ఒంట్లో పురుగుతో కొట్లాడే కణాలు మెల్లగా కదులుతాయి, జరం వస్తే షుగర్ పెరుగుతుంది, షుగర్ పెరిగితే అవి ఇంకా మెల్లగా అవుతాయి, ఒకదాన్నొకటి లాక్కుంటూ పోతాయి. గుండెకు కూడా దీనితో సంబంధం ఉంది. కెనడాలో 2018లో లెక్క తీశారు. ఫ్లూ అని తేలిన వారం రోజుల్లో గుండెపోటు వచ్చే అవకాశం మామూలు రోజులకంటే ఆరింతలు ఉందట. మన ఊళ్లో "జరం వచ్చి తగ్గింది, ఉన్నట్టుండి గుండె ఆగింది" అని ఎంతమంది గురించి విన్నామో నువ్వే లెక్కపెట్టు.

అమ్మా, నీకు దమ్ము ఉంది గనక సూది పడదని ఎవరన్నా అంటే నమ్మొద్దు. దమ్ము ఉన్నవాళ్లకే ముందు వేయాలి. నీకు ముసురు పట్టినప్పుడల్లా దమ్ము ఎక్కువయ్యేది వాన వల్ల ఒక్కదానికే కాదు, ఆ ముసురులో తిరిగే ఇట్లాంటి పురుగుల వల్ల. సూది వేసుకున్నాక కూడా నీ పీల్చే మందు ఆపొద్దు.

సూది వేసుకుంటే జరం వస్తుందట కదా అంటారు మీరు. ఆ సూదిలో ఉండేది చచ్చిన పురుగు ముక్కలు. చచ్చిన విత్తనం మొలవదు. చెయ్యి ఒకటి రెండు రోజులు నొప్పి పెడుతుంది, కొందరికి ఒళ్లు వెచ్చబడుతుంది. పారాసెటమాల్ వేసుకుంటే చాలు. వానాకాలంలో వేసుకుంటే ఆ వారంలోనే వేరే సర్ది ఏదన్నా వచ్చి సూది మీద నింద పడుతుంది, అందుకే వానలు రాకముందే వేయించుకోమంటున్నాను.

ఫ్లూది ఏటేటా వేయించుకోవాలి. ఆ పురుగు ఏడాదికొకసారి చొక్కా మారుస్తుంది, సూదిలో మందు కూడా దాన్ని చూసి మారుస్తారు. పైగా ఆరేడు నెలలకు దాని బలం తగ్గుతుంది. న్యుమోనియాది ఏటేటా కాదు.

ఇవి వేసుకుంటే ఏమీ రాదని నేను చెప్పను. మంచి ఏడు అయితే, సూది లేకుంటే ఫ్లూ వచ్చే పది మందిలో నాలుగైదుగురికి సూదితో తప్పుతుంది, పెద్ద వయసులో ఇంకొంచెం తక్కువ. అయినా వచ్చినవాళ్లకు తేలికగా పోతుంది, ఆసుపత్రి దాకా పోయేవాళ్లు తగ్గుతారు. న్యుమోనియా సూది ఆ ఒక్క పురుగుకే, టీబీకి కాదు, మిగతా న్యుమోనియాలకు కాదు. రెండు వారాలు దగ్గు తగ్గకపోతే సూది వేసుకున్నాం గదా అని కూర్చోవద్దు, సర్కారు దవాఖానలో తెమడ పరీక్ష ఊరికే చేస్తారు.

మే నెల ఆఖరులో ఒక నాడు చూసుకుని ఇద్దరూ కలిసి పోండి. అన్నం తిని, మామూలు గోలీలన్నీ వేసుకుని పోండి. ఒక చేతికి ఒకటి, రెండో చేతికి ఒకటి, ఒక్కరోజే వేస్తారు. నాయినా, నువ్వు పోకపోతే అమ్మ పోదు, ఆ సంగతి నీకూ తెలుసు.

మీ కొడుకు

*

ఆ ఆఖరి వాక్యం తీసేయకు తమ్మీ. మన దగ్గర ఆడవాళ్లు తమ కోసం ఒంటరిగా దవాఖానకు పోరు, మగవాళ్లు భార్యను తీసుకుపోతున్నామనే సాకుతో తామూ పోతారు.

ఇక ఉత్తరంలో రాయక్కర్లేనివి, నువ్వు అక్కడ కూర్చుని చూసుకోవాల్సినవి చెప్తాను. సగం మంది ఇక్కడే తప్పుతారు.

ముందు కాలం. మీ దగ్గర ఫ్లూ చలికాలంలో వస్తుంది, అందుకే అక్టోబర్. మన దగ్గర పెద్ద అల వానాకాలంలో, జూలై నుంచి సెప్టెంబర్ దాకా వస్తుంది, ఇంకో చిన్న అల జనవరి, ఫిబ్రవరిల్లో. 2015 జనవరిలో స్వైన్‌ఫ్లూతో తెలంగాణ ఎట్లా అల్లాడిందో నీకు గుర్తుండే ఉంటుంది. సూది పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది, ఆ తర్వాత బలం మెల్లగా దిగుతుంది. అక్టోబర్‌లో వేయిస్తే వచ్చే ఆగస్టు నాటికి పస తగ్గిపోయి ఉంటుంది. అందుకే మిరుగు లెక్క పెట్టుకో. మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది, మన వాళ్లు చేపలు తినడం మరవరు, దానికి రెండు వారాల ముందు సూది పడాలి. అమ్మ దమ్ముకు చేప మందు కోసం పట్నం పోతానంటే ఆ గొడవలోకి నేను రాను, సూది పడ్డాక పొమ్మను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు ఈ ఫ్లూ మందులో ఏ రకాలు పెట్టాలో చెప్తుంది, ఫిబ్రవరిలో ఉత్తరార్ధ గోళానికి, సెప్టెంబర్‌లో దక్షిణార్ధ గోళానికి. మే నెలలో వేయించేటప్పుడు దక్షిణార్ధ గోళం మందు, ఆ ఏడాదిది అడగాలి. డబ్బా మీద ఏడాది ముద్రించి ఉంటుంది. కిందటి చలికాలం మిగులు సరుకు అంటగట్టే చోట్లు ఉన్నాయి, కాబట్టి డబ్బా ఫొటో వాట్సాప్‌లో పంపమను, గడువు తేదీ నువ్వే చూడు. ఒకవేళ ఈ ఉత్తరం చేరేసరికి ఆగస్టు వచ్చేసిందనుకో, వచ్చే మే దాకా ఆగకు, ఏది కొత్తదైతే అది వేయించేయి.

న్యుమోనియా సూదిలో గందరగోళం ఎక్కువ. ఈ పురుగులో వందకు పైగా రకాలున్నాయి, సూదుల పేర్ల పక్కన అంకె అది ఎన్ని రకాలకు పనిచేస్తుందో చెప్తుంది. 13ది, 20ది ఒక జాతి, వీటిని కాంజుగేట్ అంటారు, ఒంటికి బాగా గుర్తుండేట్టు చేస్తాయి. 23ది ఇంకో జాతి, పాలీశాకరైడ్, అంకె పెద్దదే గానీ జ్ఞాపకం తక్కువ, ఐదారేళ్లకు పలచబడుతుంది. అంకె పెద్దదని ముందు 23ది వేయించుకుని వచ్చేవాళ్లను నేను తరచుగా చూస్తాను. మీ నాయినకు 20ది దొరికితే ఒక్కటి చాలు, పని అయిపోయినట్టే. దొరక్కపోతే ముందు 13ది, ఏడాది తర్వాత 23ది. పొరపాటున 23ది ముందు పడిపోతే ఏం కంగారు లేదు, ఏడాది ఆగి కాంజుగేట్ వేయించాలి, వెంటనే వేస్తే సరిగా పట్టదు.

దీని బలం కూడా తెలుసుకో. నెదర్లాండ్స్‌లో 65 దాటిన 85 వేల మందిలో సగం మందికి 13 రకాల సూది, సగం మందికి ఉత్తి సూది వేసి నాలుగేళ్లు చూశారు. 2015లో వచ్చిన ఆ ఫలితంలో సూదిలో ఉన్న రకాలతో వచ్చే న్యుమోనియా 45 శాతం తగ్గింది, రక్తంలోకి పాకే ముదిరిన జబ్బు 75 శాతం తగ్గింది. కానీ అన్ని రకాల న్యుమోనియాలు కలిపి చూస్తే తేడా పెద్దగా కనపడలేదు. నేను వేయించమంటున్నది ఆ ముదిరిన జబ్బు గురించి, మీ నాయినకు షుగర్, బీడీ రెండూ ఉన్నాయి గనక.

ఊళ్లో పీహెచ్‌సీలో అడిగితే "అది పిల్లలకే" అంటారు, వాళ్లు అబద్ధం చెప్పట్లేదు. పసిపిల్లలకు ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిదో నెలకు సర్కారు ఉచితంగా వేస్తుంది. పెద్దవాళ్లకు డబ్బులు పెట్టి బయట వేయించుకోవాల్సిందే. ఫ్లూదానికంటే న్యుమోనియాది చాలా ఖరీదు, ఇద్దరికీ కలిపి ముందే ధర కనుక్కుని డబ్బులు నువ్వు పంపు, కానీ ధర నాయినకు చెప్పకు.

అన్నిటికంటే ముఖ్యం చల్లదనం. ఈ మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో నల్లగొండలో ఎండ 44, 45 కొడుతుంది. వేడికి పాడవుతుందని అందరికీ తెలుసు, గడ్డకడితే కూడా పాడవుతుందని ఎవరికీ తెలియదు. పోయిన ఏడు దేవరకొండ వైపు నుంచే ఒక పెద్దాయన వచ్చాడు. నల్లగొండలో మెడికల్ షాపులో రెండు సూదులు కొని, స్టీలు టిఫిన్ డబ్బాలో ఐసు ముక్కల మధ్య పెట్టుకుని, డబ్బాను తడి తువ్వాలలో చుట్టుకుని బస్సెక్కాడట, ఊళ్లో ఆర్‌ఎంపీతో వేయించుకుందామని. ఎంత జాగ్రత్త చూడు. ఇంటికి పోయి చూస్తే సిరంజిలో మందు గడ్డకట్టి ఉంది. ఆయన దాన్ని అరచేతుల మధ్య రుద్ది కరిగించి వేయించుకున్నాడు. అది నీళ్లు పొడిపించుకున్నట్టే. పైగా కరిగాక కంటికి తేడా తెలియదు, నాకు ఆయన మాటల్లో చెబితేనే తెలిసింది. మళ్లీ కొత్తవి వేశాం, ఆయన నన్ను చాలాసేపు అనుమానంగా చూశాడు.

అందుకని కొని మోసుకుపోవడం వద్దు. ఫ్రిజ్ ఉన్న చోటే, మందు ఫ్రిజ్‌లోంచి తీసిన చోటే వేయించుకోవాలి. నల్లగొండలోనో హైదరాబాద్‌లోనో ముందు ఫోన్ చేసి మూడు అడుగు: ఈ ఏడాది మందు ఉందా, ఫ్రిజ్‌లో డిగ్రీలు చూపే మీటర్ ఉందా, కరెంటు పోతే ఇన్వర్టర్ ఉందా. మూడో ప్రశ్నకు నవ్వితే వేరే చోటికి ఫోన్ చేయి.

సూది జబ్బకు వేయాలి, పిరుదుకు కాదు. నాయిన గుండె కోసం రక్తం పలచబడే గోలీలు వాడుతుంటే ఆపక్కర్లేదు, సూది పడ్డ చోట రెండు మూడు నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకుంటే సరిపోతుంది. ఆ రోజు గట్టిగా జ్వరం ఉంటే వారం ఆగండి. ఇంతకుముందు ఏ టీకాకైనా నిమిషాల్లో మొహం వాచి ఊపిరాడక పడిపోయిన చరిత్ర ఉంటే, ఫ్లూ సూది తర్వాత కాళ్లు చచ్చుపడిన చరిత్ర ఉంటే మాత్రం డాక్టర్‌తో మాట్లాడకుండా వేయించొద్దు. ఫ్లూ మందు చాలావరకు కోడిగుడ్లలో పెంచుతారు, గుడ్డు పడకపోయినా వేసుకోవచ్చు. వేశాక పావుగంట అక్కడే కూర్చోబెట్టు.

సూదులు పడ్డా సరే, అమ్మకు ఒక పల్స్ ఆక్సిమీటర్ కొనిచ్చి, చూడటం వీడియో కాల్‌లో నేర్పించు. ఫ్లూ లాంటి జ్వరం వస్తే మొదటి రెండు రోజుల్లో డాక్టర్ దగ్గరికి పోతే ఒసెల్టామివిర్ అనే మందు బాగా పనిచేస్తుంది, ఆలస్యమైన కొద్దీ తగ్గుతుంది. జ్వరం దిగి మళ్లీ వచ్చినా, పడుకున్నప్పుడు ఛాతీ లేచేది నిమిషం పాటు లెక్కపెడితే 30 దాటినా, ఆక్సిజన్ 94 కంటే దిగినా, కారణం లేకుండా షుగర్ 300 దాటినా తెల్లారే దాకా ఆగొద్దు. ముసలివాళ్లలో ఒక్కోసారి జ్వరమే ఉండదు, మనిషి మాట మారుతుంది అంతే. మోటర్ బంద్ చేసినవా అని అడుగుతాడు.

మా నాయిన విషయానికొస్తే, 2018 మే నుంచి ఏటా ఫ్లూది వేయిస్తున్నాను, న్యుమోనియావి రెండూ ఏడాది తేడాతో అయిపోయాయి. ఆ చీటీలు ఆయన షుగర్ బుక్కులో పిన్ను కొట్టి పెట్టాను. మీ వాళ్లవీ అట్లాగే పెట్టించు, సూది పేరు, పక్కన అంకె, తేదీ, లాట్ నంబర్ ఉన్న స్టిక్కర్ చీటీ మీద అంటించమని అడుగు, ఫొటో నీ ఫోన్లో ఉంచుకో. 13ది పడితే ఏడాది తర్వాత తేదీకి 23ది గుర్తు చేసేట్టు అలారం నీ ఫోన్లో పెట్టు, నాయిన ఫోన్లో కాదు.